మాక్ ఇంటర్వ్యూకు ఇరవై ప్రశ్నలు వద్దు, రెండుసార్లు పడిన ఒక్క ఆర్డరు చాలు

ప్రశ్న: బ్యాకెండ్ డెవలపర్‌గా నాకు మూడేళ్ల అనుభవం ఉంది. ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నాను. నేనూ, నాలాగే వెతుకుతున్న ఒక స్నేహితురాలూ వారానికోసారి ఒకరికొకరం మాక్ ఇంటర్వ్యూ చేసుకుంటున్నాం. ఏదో ఒక జాబితాలోంచి ప్రశ్నలు అడుగుతాం, జవాబులు వస్తాయి, ‘బాగానే చెప్పావు’ అనుకుని లేస్తాం. అసలు ఇంటర్వ్యూలో మాత్రం మొదటి జవాబు తర్వాత వాళ్లు ఇంకొంచెం లోతుగా అడగగానే ఇద్దరమూ తడబడుతున్నాం. వెంట అడగాల్సిన ప్రశ్నలతో, మార్కులు ఎలా వేయాలో వివరంతో ఒక స్క్రిప్టు ఇవ్వగలరా?

సమాధానం: మీ జాబితాలో తప్పేమీ లేదు, కాకపోతే అది అక్కడితో ఆగిపోతోంది. మొదటి ప్రశ్నకు జవాబు ఎవరైనా చదువుకుని చెప్పగలరు. మూడేళ్ల అనుభవం ఉన్న మనిషిని కూర్చోబెట్టినప్పుడు ఎదుటివారు తెలుసుకోవాలనుకునేది వేరు: ఈ వ్యక్తి ఒక పనిని చివరిదాకా మోశారా, లేక ఇంకెవరో నిర్ణయించిన దానికి కోడ్ మాత్రం రాసిపెట్టారా? అది మూడో ప్రశ్న దగ్గరో నాలుగో ప్రశ్న దగ్గరో బయటపడుతుంది. అందుకే మీకు ఇరవై ప్రశ్నలు ఇవ్వడం లేదు. 45 నిమిషాల్లో దాదాపు 30 నిమిషాలు ఒకే సమస్య మీద నడిచే స్క్రిప్టు ఇస్తున్నాను.

ముందే ఒక మాట. దీన్ని మీరు చదివేశారు కాబట్టి దీనికి అభ్యర్థిగా మీరు పనికిరారు. మీరు అడిగేవారిగా కూర్చోండి, మీ స్నేహితురాలికి ఈ పేజీ చూపించకండి. ఆమె మీకోసం ఇలాంటిదే ఇంకొకటి ఎలా తయారు చేయాలో చివర్లో చెబుతాను.

మొదటి ఎనిమిది నిమిషాలు

‘మీ గురించి చెప్పండి’ అని అడగకండి. దానికి అందరి దగ్గరా కంఠస్థం చేసిన జవాబు ఉంటుంది. ఇలా చదవండి:

“గత ఏడాదిలో మీరు చేసిన ఒక మార్పు ప్రొడక్షన్‌లోకి వెళ్లాక మీరు అనుకున్నట్టు ప్రవర్తించని సందర్భం ఒకటి చెప్పండి. ఏం జరిగింది, మీకు ఎలా తెలిసింది?”

ఇక్కడ వెంట అడగాల్సినవి రెండే. అభ్యర్థి ‘మేము’ అని మొదలుపెడితే, “అందులో మీరు స్వయంగా చేసింది ఏది?” అని అడగండి. కథ ముగిశాక, “సరైందని ఎలా నిర్ధారించుకున్నారు? మార్చకముందు ఏ కొలత ఎంత ఉంది, మార్చాక ఎంత ఉంది?” అని అడగండి. నిజంగా ఆ పని చేసినవారికి కొలత ఏమిటో గుర్తుంటుంది. కచ్చితమైన సంఖ్య గుర్తు లేకపోయినా, ఎక్కడ చూశారో, ఏ గ్రాఫు కదిలిందో చెప్పగలరు. వినియోగదారుడు ఫిర్యాదు చేస్తే తెలిసిందా, అలర్టు వస్తే తెలిసిందా అన్నది కూడా రాసుకోండి. దాన్నిబట్టి మార్కులు తగ్గించకండి, తర్వాతి భాగంలో అభ్యర్థి ఆలోచన ఎటు నడుస్తుందో దాంట్లో కనిపిస్తుంది.

అసలు సమస్య

ఈ పేరా నెమ్మదిగా చదవండి. తర్వాత కోడ్ చూపించండి.

“ఒక ఆన్‌లైన్ దుకాణం ఉంది. వినియోగదారుడు ఆర్డరు బటన్ నొక్కగానే మొబైల్ యాప్ మన సర్వరుకు ఒక రిక్వెస్టు పంపుతుంది. మన సర్వీసు స్టాకు తగ్గిస్తుంది, బయటి పేమెంట్ సంస్థను పిలిచి డబ్బు వసూలు చేస్తుంది, ఆర్డరు నమోదు చేస్తుంది. కొద్ది రోజులుగా కొందరికి ఒకే బుట్టకు రెండు ఆర్డర్లు పడుతున్నాయి, డబ్బు కూడా రెండుసార్లు పోతోంది. ఇది ఆ కోడ్. ఎక్కడ మొదలుపెడతారు?”

```python
def create_order(user_id, cart_id):
    with db.transaction():
        if orders.exists(cart_id):
            return orders.get(cart_id)
        stock.decrease(cart_id)
        payment.charge(user_id, cart_id)
        return orders.insert(user_id, cart_id)
```

ఇది చదివాక నోరు కట్టేసుకోండి. మాక్ ఇంటర్వ్యూల్లో ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. స్నేహితురాలు పది సెకన్లు మౌనంగా ఉండగానే మనకు జాలి వేసి ఏదో ఒకటి అందిస్తాం. అర నిమిషం ఆగండి. గడియారం చూసుకోండి.

మీ దగ్గర రెండు రహస్య వివరాలు ఉంటాయి. అడిగితేనే ఇవ్వాలి. ఒకటి: జంట ఆర్డర్లలో కొన్నింటికి రెండు రిక్వెస్టుల మధ్య తేడా 200 మిల్లీసెకన్ల లోపు ఉంది, మిగిలినవాటికి దాదాపు 30 సెకన్లు ఉంది. రెండు: యాప్ టైమవుట్ 30 సెకన్లు, అది దాటితే యాప్ తనంతట తానే రిక్వెస్టును మళ్లీ పంపుతుంది. ఈ రెండూ తెలిస్తే కథ చాలావరకు విడిపోతుంది. 200 మిల్లీసెకన్లంటే బటన్ రెండుసార్లు నొక్కారు. 30 సెకన్లంటే పేమెంట్ సంస్థ ఆలస్యం చేసింది, మొదటి రిక్వెస్టు ఇంకా నడుస్తుండగానే రెండోది వచ్చి పడింది. ‘రెండు ఆర్డర్ల మధ్య ఎంత సమయం ఉంది?’ అని అడగకుండా నేరుగా పరిష్కారంలోకి దూకిన అభ్యర్థి బాగా జవాబిచ్చినా సమాచారం రాబట్టే విభాగంలో 2 దాటకూడదు.

‘బటన్‌ను డిసేబుల్ చేస్తే సరి’ అన్న జవాబు తప్పకుండా వస్తుంది. అది తప్పు కాదు. “సరే, చేశాం. ఇప్పుడు ఏవి ఆగుతాయి, ఏవి ఆగవు?” అని మాత్రం అడగండి. 200 మిల్లీసెకన్ల జంటలు చాలావరకు ఆగుతాయి, 30 సెకన్లవి ఆగవు, ఎందుకంటే వాటిని పంపేది వేలు కాదు, యాప్.

మొదటి లోతు: పరిశీలన ఉన్నా ఎలా జారింది?

“కోడ్‌లో ఆర్డరు ఉందా లేదా అని చూస్తున్నాం కదా. మరి రెండోది ఎలా పడింది?”

‘రేస్ కండిషన్’ అనేస్తారు. ఆ పేరుకు మార్కు లేదు. “రెండు రిక్వెస్టులను పక్కపక్కన పెట్టి, ఏ వరుస ఎప్పుడు నడిచిందో చెప్పండి” అనండి. రావాల్సిన జవాబు ఇది: మొదటి రిక్వెస్టు పరిశీలించింది, ఆర్డరు లేదు. అది ఇన్సర్ట్ చేసి కమిట్ అయ్యేలోపే రెండోదీ పరిశీలించింది, దానికీ లేదు. ఇద్దరూ ముందుకు వెళ్లారు.

“ట్రాన్సాక్షన్‌లోనే ఉంది కదా, అది కాపాడదా?” కాపాడదు. PostgreSQL సాధారణంగా `READ COMMITTED` స్థాయిలో నడుస్తుంది. కమిట్ కాని వరుస పక్క ట్రాన్సాక్షన్‌కు కనబడదు. MySQL ఇన్నోడీబీలో డిఫాల్టు `REPEATABLE READ`, అక్కడా మామూలు రీడ్‌కు ఫలితం అంతే. ఈ పేర్లు గుర్తులేకపోయినా ఫరవాలేదు, ‘కమిట్ కానిది ఇంకొకరికి కనబడదు కాబట్టి’ అన్న కారణం వస్తే చాలు. కొందరు ‘సీరియలైజబుల్ పెడతాను’ అంటారు. అప్పుడు “రెండింటిలో ఒకటి విఫలమవుతుంది, దాన్ని ఎవరు మళ్లీ నడుపుతారు?” అని అడగండి. మళ్లీ ప్రయత్నించే కోడ్ తామే రాయాలని తెలిసినవారు దాన్ని నిజంగా వాడినట్టు.

ఇక నాకు బాగా నచ్చిన ప్రశ్న. “స్టాకు తగ్గించేటప్పుడు ఆ వరుస మీద లాక్ పడుతుంది. రెండో రిక్వెస్టు అక్కడ ఆగాలి కదా?” ఇది కొంచెం కొంటె ప్రశ్నే. నిజంగానే ఆగుతుంది. మొదటిది కమిట్ అయ్యేదాకా ఆగి, తర్వాత మళ్లీ కదులుతుంది. కానీ ఆర్డరు ఉందా అన్న పరిశీలన దానికి అప్పటికే అయిపోయింది, మళ్లీ వెనక్కి వెళ్లి చూడదు. తాపీగా స్టాకు ఇంకొకటి తగ్గించి, డబ్బు ఇంకోసారి లాగుతుంది. లాక్ వరుసలో నిలబెట్టింది, అడ్డుకోలేదు. ఈ తేడా సొంతంగా చెప్పిన అభ్యర్థికి ఈ విభాగంలో నిస్సంకోచంగా 4 వేయండి.

పరిష్కారం అడిగితే కొందరు సర్వరు మెమరీలో లాక్ పెడతామంటారు. “సర్వర్లు రెండు ఉన్నాయి” అంటే చాలు, అర్థమైపోతుంది. ఇంకొందరు రెడిస్‌లో గడువుతో లాక్ అంటారు. వారిని ఇలా అడగండి: “గడువు 10 సెకన్లు పెట్టారు. పేమెంట్‌కు 12 సెకన్లు పట్టింది. పదకొండో సెకనులో రెండో రిక్వెస్టు వచ్చింది. ఏమవుతుంది?” లాక్ గడువు తీరిపోయింది కనుక రెండోదీ లోపలికి వస్తుంది. ఇద్దరూ చివరికి చేరాల్సిన చోటు డేటాబేసే:

```sql
ALTER TABLE orders
ADD CONSTRAINT orders_cart_uniq UNIQUE (cart_id);
```

ఇది చెప్పగానే తృప్తిపడి మార్కు వేయకండి. ముందు ఒక చిన్న ప్రశ్న: “ఇప్పుడే ప్రొడక్షన్‌లో నడిపితే?” నకిలీ ఆర్డర్లు ఇప్పటికే టేబుల్‌లో ఉన్నాయి కాబట్టి ఈ ఆదేశం విఫలమవుతుంది. వాటిని ఏం చేయాలో, ఎవరికి డబ్బు వాపసు ఇవ్వాలో తేల్చాకే కన్‌స్ట్రెయింట్. మూడేళ్లవారికి ఇది అడిగాక తడితే చాలు. అడగకుండానే చెబితే వారు కొంచెం పై స్థాయిలో ఉన్నారని రాసుకోండి.

రెండో లోతు: డబ్బు

ఈ ఇంటర్వ్యూ మొత్తం ఈ ప్రశ్న మీదే తిరుగుతుంది: “యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టారు. ఇక రెండుసార్లు డబ్బు పోవడం ఆగినట్టేనా?”

పై కోడ్‌ను మళ్లీ చూడండి. డబ్బు వసూలు చేసే వరుస ఇన్సర్ట్‌కు ముందు ఉంది. కన్‌స్ట్రెయింట్ పెట్టాక రెండో రిక్వెస్టు డబ్బు లాగి, ఆ తర్వాత ఇన్సర్ట్ దగ్గర దెబ్బతింటుంది. డేటాబేస్ రోల్‌బ్యాక్‌లో స్టాకు తిరిగి వస్తుంది, డబ్బు రాదు. ఇంతకుముందు కనీసం రెండో ఆర్డరు కంటికి కనిపించేది. ఇప్పుడు డబ్బు పోయింది, మన దగ్గర దాని ఆనవాలే లేదు. అంటే సగం పరిష్కారం పరిస్థితిని ఇంకా చెడగొట్టింది.

ఈ చోట సంభాషణ ఎలా నడుస్తుందో, దానికి మార్కు ఎలా వేయాలో ఒకసారి దగ్గరగా చూద్దాం.

— ఇక రెండుసార్లు డబ్బు పోవడం ఆగినట్టేనా?

— ఆగినట్టే. రెండో ఇన్సర్ట్ విఫలమైతే ట్రాన్సాక్షన్ మొత్తం రోల్‌బ్యాక్ అవుతుంది.

— మొత్తం అంటే ఏవేవి?

— స్టాకు తగ్గించడం, ఆర్డరు ఇన్సర్ట్... ఒక్క నిమిషం. పేమెంట్ పిలుపు మన డేటాబేసులోది కాదు, అది వెనక్కి రాదు.

— అయితే ఏం చేస్తారు?

— ఇన్సర్ట్‌ను ముందుకు తెస్తాను. ఆర్డరును పెండింగ్‌గా రాసి కమిట్ చేస్తాను. ఇన్సర్ట్ ఎవరికి దక్కితే వాళ్లే పేమెంట్‌ను పిలవాలి.

దీనికి 3 వేస్తాను. మొదట ‘ఆగినట్టే’ అని తొణక్కుండా అన్నారు కాబట్టి 4 కాదు. కానీ 2 కూడా కాదు, ఎందుకంటే ‘మొత్తం అంటే ఏవేవి?’ అన్నది జవాబును అందించే ప్రశ్న కాదు, అభ్యర్థి మాటనే విప్పి చెప్పమని అడగడం. అదే మీరు ‘మరి పేమెంట్ సంగతి?’ అని ఉంటే అది సూచన. సూచన ఇచ్చాక వచ్చిన సరైన జవాబుకు ఆ విభాగంలో 2 గరిష్ఠం. ఈ తేడాను మీరు మనసులో గట్టిగా పెట్టుకోవాలి. స్నేహితుల మధ్య జరిగే మాక్‌లలో సగం మార్కులు అడిగేవారి సూచనలకే పడుతుంటాయి.

ఇన్సర్ట్ ముందుకు తెచ్చే పద్ధతిని రాసి చూపమనండి. PostgreSQL వాడేవారు ఇలాంటిది రాస్తారు:

```sql
INSERT INTO orders (cart_id, user_id, status)
VALUES (42, 7, 'PENDING')
ON CONFLICT (cart_id) DO NOTHING;
```

“ఇన్సర్ట్ దక్కిందో లేదో కోడ్‌కు ఎలా తెలుస్తుంది?” మారిన వరుసల సంఖ్య 1 అయితే మనదే, 0 అయితే అంతకుముందే వేరొకరు తీసుకున్నారు. 0 వచ్చినప్పుడు యాప్‌కు ఏం పంపాలి అన్నదానికి ఒకే సరైన జవాబు లేదు. ఉన్న ఆర్డరును చదివి దాని స్థితిని పంపడం, ‘జరుగుతోంది, కాసేపాగి అడుగు’ అని చెప్పడం, రెండూ నడుస్తాయి. లోపం వచ్చిందని చెప్పి వినియోగదారుడిని భయపెట్టడం మాత్రం నడవదు. ఆయన వెంటనే మళ్లీ నొక్కుతాడు.

ఇక్కడే పక్కదారి ప్రశ్న ఒకటి: “పేమెంట్ పిలుపు ట్రాన్సాక్షన్ లోపల ఉండటం వల్ల ఇంకేదైనా నష్టం ఉందా?” జవాబు రాకపోతే సంఖ్యలు ఇవ్వండి. డేటాబేస్ కనెక్షన్ పూల్‌లో 10 కనెక్షన్లు ఉన్నాయి, పేమెంట్ సంస్థ ఇవాళ 5 సెకన్లు తీసుకుంటోంది. ఒక్కో ఆర్డరు ఒక కనెక్షన్‌ను కనీసం 5 సెకన్లు పట్టుకుని కూర్చుంటుంది, అంటే సెకనుకు 2 ఆర్డర్లకు మించి సాగవు. పైగా అదే పూల్ వాడే ఉత్పత్తుల పేజీ కూడా కనెక్షన్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది. ఈ భాగాహారం అభ్యర్థే చేయాలి. చేయగలిగినవారు పేమెంట్ సంస్థ నెమ్మదించిన రోజున తమ సైటు మొత్తం ఎందుకు పడిపోయిందో కూడా చెప్పగలరు.

మూడో లోతు: జవాబు రాని పిలుపు

“ఆర్డరు పెండింగ్‌గా రాశారు. పేమెంట్ సంస్థను పిలిచారు. 10 సెకన్లలో జవాబు రాలేదు, టైమవుట్ అయింది. ఇప్పుడు ఆ ఆర్డరు స్థితి ఏమిటి?”

‘ఫెయిల్డ్ అని రాస్తాను’ అంటే ఆ విభాగంలో 1తో మొదలుపెట్టండి. టైమవుట్ అంటే వైఫల్యం కాదు, మనకు తెలియదు అని. డబ్బు పోయి ఉండవచ్చు, పోకపోయి ఉండవచ్చు. ‘తెలియదు’ అన్న మాట అభ్యర్థి నోట రావాలి. ఈ స్క్రిప్టులో నేను అత్యంత విలువ ఇచ్చే మాట అదే.

తర్వాత ‘మళ్లీ ప్రయత్నిస్తాను’ అంటారు. “మొదటిసారే డబ్బు పోయి ఉంటే?” అప్పుడు ఐడెంపొటెన్సీ కీ ప్రస్తావన వస్తుంది: ఒకే కీతో ఎన్నిసార్లు పిలిచినా పేమెంట్ సంస్థ ఒక్కసారే వసూలు చేసి, అదే ఫలితాన్ని తిరిగి ఇస్తుంది. చాలామంది ఇక్కడితో గట్టెక్కామనుకుంటారు. మీరు ఒక్క ప్రశ్న అడగండి: “ఆ కీని ఏ వరుసలో తయారు చేస్తారు?” పిలిచే ఫంక్షన్ లోపల ప్రతిసారీ కొత్త యూయూఐడీ పుట్టిస్తే ప్రతి ప్రయత్నమూ కొత్త వసూలే, కీ ఉండీ లేనట్టే. పిలుపుకు ముందే తయారై, ఆర్డరుతోపాటు డేటాబేసులో కమిట్ అయి ఉండాలి, మళ్లీ ప్రయత్నించినప్పుడు అక్కడి నుంచే చదవాలి. ఐడెంపొటెన్సీ గురించి చదివినవారికీ, రాసినవారికీ మధ్య గీత ఈ ప్రశ్న దగ్గర పడుతుంది.

“డబ్బు వసూలైంది. ఆ సంగతి మన డేటాబేసులో రాసేలోపు సర్వరు కూలిపోయింది. రేపు పొద్దున ఎవరికి తెలుస్తుంది?” పెండింగ్‌లో కొన్ని నిమిషాలకు మించి ఉండిపోయిన ఆర్డర్లను వెతికి, పేమెంట్ సంస్థను అదే కీతోనో ఆర్డరు సంఖ్యతోనో అడిగి స్థితిని సరిచేసే ఒక నేపథ్య పని కావాలి. ఇది మూడేళ్లవారు ఒక ప్రశ్న మీద చెప్పగలగాలి. స్టాకును అప్పటిదాకా పట్టి ఉంచాలా, వదిలేయాలా అన్నది సమయం మిగిలితే అడగండి, లేకపోతే వదిలేయండి.

చివరగా అవసరాన్ని మార్చండి: “కార్డు తిరస్కరించారు. వినియోగదారుడు అదే బుట్టతో వేరే కార్డు వాడాలనుకున్నాడు. మీ డిజైన్ ఒప్పుకుంటుందా?” బుట్ట సంఖ్య మీద కన్‌స్ట్రెయింట్ ఉంది కాబట్టి రెండో ఆర్డరు పుట్టదు. పేమెంట్ ప్రయత్నాలను వేరే టేబుల్‌లో పెట్టి, ఒక్కో ప్రయత్నానికి ఒక్కో కీ ఇవ్వడం ఒక దారి. అభ్యర్థి అక్కడిదాకా చేరకపోయినా ఫరవాలేదు. మీరు చూడాల్సింది, తన డిజైన్ ఇక్కడ విరుగుతుందని ఒప్పుకుంటున్నారా, లేక దాన్ని సమర్థించుకోవడానికి వాదిస్తున్నారా అన్నది.

మార్కులు

నాలుగు విభాగాలు పెట్టండి: సమాచారం రాబట్టడం, రేస్‌ను వరుసల స్థాయిలో వివరించడం, డబ్బు విషయంలో వైఫల్యాన్ని ఊహించడం, సొంత పని గురించి చెప్పడం. ఒక్కోదానికి 1 నుంచి 4. అయిదు పెట్టకండి, పెడితే అన్నీ మూడే వేస్తారు. 4 అంటే అడగకుండానే వచ్చింది. 3 అంటే తటస్థమైన ప్రశ్న మీద వచ్చింది. 2 అంటే సూచన ఇస్తే వచ్చింది. 1 అంటే సూచన ఇచ్చినా రాలేదు, లేదా తప్పును పట్టుకుని వేలాడారు. ఇంతకుముందు చెప్పిన రెండు చోట్ల మాత్రం, సమయం తేడా అడగకపోవడం, టైమవుట్‌ను వైఫల్యంగా రాయడం దగ్గర, ఆ ప్రత్యేక నియమమే వర్తిస్తుంది. టైమవుట్ దగ్గర 1తో మొదలైనవారు తమ మాట తామే సరిదిద్దుకుంటే 3 దాకా పైకి రావచ్చు.

నాలుగింటినీ కూడి సగటు తీయకండి. మూడేళ్ల అనుభవానికి నేను గీసే గీత ఇది: రేస్ విభాగంలోనూ డబ్బు విభాగంలోనూ 3 ఉండాలి, మిగతా రెండింట్లో 2 ఉన్నా సర్దుకోవచ్చు. డబ్బు విభాగంలో 2 వచ్చి మిగతావన్నీ 4 అయినా నేను ‘ఇంకా కాదు’ అనే రాస్తాను. సాగా, అవుట్‌బాక్స్ వంటి పేర్లు చెప్పినందుకు అదనపు మార్కు వద్దు. పేరు చెప్పగానే “ఈ కోడ్‌లో దాన్ని ఎక్కడ పెడతారు?” అని అడగండి. కొందరు అక్కడే నీరుగారిపోతారు.

రాసుకునే పద్ధతి గురించి ఒక నియమం: కాగితం మీద ఎడమవైపు అభ్యర్థి అన్న మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయండి, కుడివైపు మీరు ఇచ్చిన ప్రతి సూచనకు ఒక గీత పెట్టండి. మార్కులు ఇంటర్వ్యూ ముగిశాకే వేయండి. మధ్యలో వేస్తే మొదటి మంచి జవాబు తర్వాతివాటికి కూడా రంగు పూస్తుంది. ఫలితం చెప్పేటప్పుడు ‘లోతు తగ్గింది’ అనకండి, అది ఎవరికీ ఉపయోగపడదు. ‘టైమవుట్ అన్నప్పుడు నువ్వు ఫెయిల్డ్ అన్నావు, నేను మొదటిసారే డబ్బు పోయి ఉంటే అని అడిగాకే మార్చుకున్నావు’ అని ఆమె మాటనే ఆమెకు చదివి వినిపించండి.

మిగిలిన ఏడు నిమిషాలు అభ్యర్థి ప్రశ్నలకు వదిలేయండి. వాటికి మార్కు లేదు.

మీకోసం స్క్రిప్టు

మీ స్నేహితురాలు ఇంకో సమస్య తయారు చేయడానికి ఆమె సొంత ఉద్యోగంలోంచి ఒక ఫంక్షన్ తీసుకోమనండి. సంస్థ కోడ్‌ను అలాగే పెట్టకుండా, గుర్తుపట్టలేని విధంగా ఏడెనిమిది వరుసల్లో తిరగరాయాలి. అందులో మూడు ఉండాలి: ఒక పరిశీలన, దాని వెంట ఒక రాత, మధ్యలో మన చేతిలో లేని ఒక బయటి పిలుపు. కూపన్ ఒక్కసారే వాడాలి అన్న నియమం, అప్‌లోడ్ అయిన ఫైలును ఒక్కసారే ప్రాసెస్ చేయాలి అన్న నియమం, రెండూ దీనికి బాగా పనికొస్తాయి. తర్వాత ఆమె ‘చూడగానే తోచే పరిష్కారం’ ఒకటి రాసుకుని, అది ఎక్కడ విరుగుతుందో వెతకాలి. ఆ విరిగే చోటే రెండో లోతు. అలాంటి చోటు ఏదీ దొరకకపోతే ఆ సమస్యను పక్కన పెట్టి ఇంకొకటి ఎంచుకోమని చెప్పండి. అడిగితేనే ఇచ్చే రహస్య వివరాలు కనీసం రెండు ఉండాలి, వాటిని ఇంటర్వ్యూకు ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే అడిగినప్పుడు అక్కడికక్కడ కల్పించి, పది నిమిషాల తర్వాత తాను చెప్పినదానికి తానే విరుద్ధంగా మాట్లాడతారు.